🙂 పెడితే నవ్వినట్టు కాదు.. 🌸 పెడితే దీవించినట్టూ కాదు! గ్రూప్ చాట్‌లో ఎమోజీల వెనక అసలు అర్థాలివే..

మీ అబ్బాయి క్లాస్ గ్రూప్ ఓసారి చూశారు. వాడు పెట్టిన మెసేజ్ కింద చప్పట్లు, మంట, దండాలు, ఓ పువ్వు కనిపించాయి. ‘ఫ్రెండ్స్ అందరూ మెచ్చుకుంటున్నారు’ అని సంతోషపడ్డారు. కానీ అక్కడ జరిగింది మెచ్చుకోలు కాకపోవచ్చు.. గ్రూప్ మొత్తం కలిసి వాణ్ని ఆడుకుని ఉండొచ్చు. ఇక కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లది ఇంకో రకం సమస్య. కాలేజీ గ్రూప్‌లో అలవాటైన బొమ్మను ఆఫీస్ గ్రూప్‌లో పెడతారు. టీమ్ లీడ్‌కు అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. ఒక్క మాట కూడా తిట్టకుండానే తిట్టే వీలు ఎమోజీలతో వచ్చింది. తిట్టాలన్న ఉద్దేశమే లేకున్నా తిట్టినట్టు అర్థమయ్యే ప్రమాదం కూడా వాటితోనే వచ్చింది. మరి ఏ బొమ్మ ఎప్పుడు వెక్కిరింత అవుతుంది? దాన్ని ఎలా గుర్తుపట్టాలి? చూద్దాం..

బొమ్మ ఒకటే.. అర్థాలు రెండెందుకు?

ప్రతి ఎమోజీకి యూనికోడ్ కన్సార్టియం అనే సంస్థ ఒక నంబర్, ఒక పేరు ఇస్తుంది. 😂 సంగతే చూడండి. దాని అధికారిక పేరుకు అర్థం ‘ఆనందబాష్పాలతో ఉన్న ముఖం’. అంతకుమించి ‘దీన్ని ఇక్కడే వాడాలి’ అన్న రూల్ ఏదీ ఉండదు. వాడేవాళ్లే అర్థం తయారు చేసుకుంటారు. అందుకే 50 ఏళ్లు దాటిన బాబాయ్‌కి కన్నీళ్లు కనిపిస్తే, 15 ఏళ్ల అబ్బాయికి పగలబడి నవ్వడం కనిపిస్తుంది. ఊళ్లో ఎవరో పోయారన్న మెసేజ్ కింద పెద్దవాళ్లు పాపం ఏడుస్తున్నామనుకుని 😂 పెట్టేయడం చాలా ఫ్యామిలీ గ్రూపుల్లో జరిగేదే.

ఇందులో ఫోన్ వాటా కూడా ఉంది. వాట్సాప్‌లో మెసేజ్‌ను నొక్కి పట్టుకుంటే రియాక్షన్ల వరుస వస్తుంది. 2022లో ఈ ఫీచర్ వచ్చినప్పుడు అందులో ఉన్నవి ఆరే.. 👍 ❤️ 😂 😮 😢 🙏. నవ్వే ముఖానికీ ఏడ్చే ముఖానికీ మధ్య ఉన్నది ఒక్క బొమ్మే. వేలు కాస్త పక్కకు జరిగితే సంతాపం కాస్తా ఎగతాళి అయిపోతుంది. ఇలా జరిగితే కంగారు పడొద్దు. మీరు పెట్టిన రియాక్షన్ మీదే మళ్లీ నొక్కితే అది తొలగిపోతుంది. ఆ తర్వాత ‘సారీ అండీ, చెయ్యి జారింది’ అని ఒక్క లైన్ రాస్తే సరిపోతుంది. ఆ మెసేజ్ పెట్టిన మనిషికి ఈలోపే నోటిఫికేషన్ వెళ్లి ఉండొచ్చు కాబట్టి, చడీచప్పుడు లేకుండా తీసేసి ఊరుకోవడం కన్నా ఇదే మేలు.

🙂 నవ్వు కాదు.. పళ్లు బిగబట్టడం

ఎక్కువ గొడవలు తెచ్చేది ఈ చిన్న నవ్వే. పెద్దవాళ్లకు ఇది మర్యాద. ‘సరేనమ్మా 🙂’ అంటే ప్రేమగా చెప్పినట్టే. కుర్రకారుకు మాత్రం దీని అర్థం వేరు. కళ్లల్లో నవ్వు లేదు, పెదవులు మాత్రం కొంచెం వంగాయి. అంటే ‘లోపల మండిపోతోంది, పైకి నవ్వుతున్నా’ అని. ‘చాలా బాగా చేశావ్ 🙂’ అని క్లాస్‌మేట్ పెట్టాడంటే ‘చెడగొట్టావ్ కదరా’ అన్నట్టే చాలాసార్లు. 

ఆఫీసులో ఇది రెండు వైపులా తన్నుతుంది. ‘ఈ శనివారం అందరూ రావాలి’ అని మేనేజర్ పెట్టారనుకోండి. కొత్త ఉద్యోగి ‘ఓకే 🙂’ అన్నాడు. మేనేజర్‌కు 50 ఏళ్లుంటే అది వినయం. 28 ఏళ్లుంటే అది విసుగు. అదే గ్రూప్‌లో ఉన్న తోటి ట్రైనీలకైతే అది సెటైర్. ఒక్క బొమ్మను ముగ్గురు మూడు రకాలుగా చదివారు. వేడిగా నవ్వే 😊 పెట్టినా ఇంత ఇబ్బంది రాదు. ‘సరే మేడమ్, 10 గంటలకల్లా వస్తాను’ అని రాస్తే అసలు గొడవే లేదు.

👍 కోర్టు దాకా వెళ్లిన బొటనవేలు

మనలో చాలామందికి 👍 అంటే ‘సరే’, ‘చూశాను’. కానీ ఇప్పటి కుర్రాళ్లలో కొందరికి ఇది మాట తుంచేయడం. తాను పది లైన్లు రాసి సాయం అడిగితే జవాబుగా బొటనవేలు ఒక్కటే వచ్చిందంటే ‘నీతో మాట్లాడే ఓపిక నాకు లేదు’ అన్నట్టు తీసుకుంటారు. ఇది మర్యాదకు సంబంధించిన విషయం. అయితే ఈ బొమ్మ ఒక మనిషి ఉద్యోగాన్నే ఊడగొట్టిన కేసు మన దేశంలోనే ఉంది.

2018లో మేఘాలయలో రైల్వే రక్షణ దళానికి చెందిన ఓ అసిస్టెంట్ కమాండెంట్‌ను ఓ కానిస్టేబుల్ కాల్చి చంపాడు. ఆ వార్త సిబ్బంది ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో వచ్చింది. దాని కింద మరో కానిస్టేబుల్ 👍 పెట్టాడు. హత్యను సమర్థించాడంటూ అతని మీద క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. చివరికి ఉద్యోగం నుంచి తీసేశారు. అతను కోర్టుకెళ్లాడు. ఆ బొమ్మను మెసేజ్ చూశానన్న అర్థంలోనే పెట్టానని చెప్పుకున్నాడు. 2024 మార్చిలో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ అతని మాటను అంగీకరించింది. ఆ గుర్తును ‘ఓకే’కి బదులుగా వాడినట్టు చూడొచ్చని, హత్యను సంబరం చేసుకున్నట్టు కాదని చెప్పింది. అతన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న ముందటి తీర్పునే నిలబెట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గెలిచాడు నిజమే.. కానీ ఒక్క బొటనవేలు వల్ల ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగాడు. కెనడాలో దీనికి పూర్తిగా అటువైపు కేసు నడిచింది. అవిసె గింజల కాంట్రాక్ట్ ఫొటో పంపి ‘ఒప్పుకున్నట్టు కన్ఫర్మ్ చెయ్యండి’ అని కొనుగోలుదారు అడిగితే రైతు 👍 పంపాడు. ‘కాంట్రాక్ట్ అందిందని చెప్పానంతే’ అని తర్వాత వాదించాడు. 2023లో అక్కడి సస్కాచెవాన్ కోర్టు ఒప్పుకోలేదు. ఆ బొటనవేలే సంతకంతో సమానమని తేల్చి, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది. ఒకచోట 👍 అంటే ‘చూశాను’ అంతే. ఇంకోచోట ‘ఒప్పుకున్నాను’. తేడా బొమ్మలో లేదు.. పైనున్న మెసేజ్‌లో ఉంది. కాబట్టి చావు కబురు, గొడవ, డబ్బు లెక్క, డెడ్‌లైన్ లాంటి మెసేజ్‌లకు బొటనవేలుతో సరిపెట్టొద్దు. ‘చూశాను సార్, రేపు చెప్తాను’ అని రాయండి.

🙏 దండమే.. కానీ ఏ దండం?

ఇది అచ్చంగా మన భాషలోంచి పుట్టిన అర్థం. ‘నీకో దండం రా బాబూ’ అని తెలుగులో విసుగుతో అంటాం కదా.. అదే ఇప్పుడు 🙏 రూపంలో వస్తోంది. గుడి ఫొటో కింద, సంతాప సందేశం కింద, థ్యాంక్స్ చెప్పేటప్పుడు ఇది నిజమైన నమస్కారమే. కానీ ఎవరైనా తెలివితక్కువ ప్రశ్న అడిగినప్పుడు, అదే డౌట్ మూడోసారి వచ్చినప్పుడు కింద 🙏🙏🙏 పడిందంటే ‘ఇక ఆపు తల్లీ’ అని. ఒక్క దండం గౌరవం, వరసగా దండాలు చిరాకు అని గుండుగుత్తగా చెప్పలేం. మన పెద్దమ్మలు దేవుడి ఫొటోకి ఐదారు పెడతారు కూడా. మళ్లీ చూడాల్సింది పైన మెసేజ్ ఏంటన్నదే.

ఈ కోవలోదే 🌸. పిన్ని పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పంపే పువ్వు పువ్వే. కానీ ‘ఎర్రిపుష్పం’ అన్న తిట్టు కుర్రాళ్ల నోళ్లలో నలిగి నలిగి, చివరికి తిట్టు పోయి పువ్వు మిగిలింది. ‘చెవిలో పూలు పెట్టకు’ అన్న మాట ఎలాగూ మనకు ఉండనే ఉంది. అందుకే ఓ పిల్లాడు ఏదో నమ్మి షేర్ చేసిన ఫేక్ న్యూస్ కింద 👂🌸 కనిపిస్తే అది అలంకారం కాదు. వేరే భాషవాళ్లకు ఇది అస్సలు అర్థం కాదు. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లిష్ ఎమోజీల లిస్టుల్లోనూ మీకిది కనిపించదు.

💀, 🤡.. ఒకటి నవ్వు, ఇంకోటి గాయం

పుర్రె బొమ్మ చూడగానే అమ్మానాన్నలు భయపడతారు. నిజానికి పిల్లల చాట్‌లో 💀 అంటే చాలాసార్లు ‘నవ్వలేక చచ్చిపోయా’ అని. 😭 కూడా అంతే.. ఎక్కువసార్లు అది ఏడుపు కాదు, నవ్వు. కాబట్టి ఒక్క పుర్రె చూసి పిల్లల్ని నిలదీయక్కర్లేదు. అయితే ఎవరైనా తన ఫొటో పెట్టినప్పుడు, తన మార్కులు చెప్పినప్పుడు కింద పుర్రెలు పడ్డాయంటే, జోక్ ఎక్కడుందో వెతకండి. జోక్ కనిపించకపోతే ఆ మనిషే జోక్ అయ్యాడని అర్థం.

🤡 విషయంలో ఇంత దయ చూపక్కర్లేదు. 2016లో ఎమోజీల జాబితాలోకి వచ్చిన ఈ జోకర్ ముఖానికి ఇప్పుడు ఉన్న ప్రధాన అర్థం ‘నువ్వో జోకర్‌వి’ అనే. తన మీద తానే పెట్టుకుంటే సరదా.. ‘పరీక్ష రేపనుకున్నా, ఈరోజేనంట 🤡’ అన్నట్టు. ఎదుటివాళ్ల మెసేజ్‌కు రియాక్షన్‌గా పెడితే మాత్రం అది నేరుగా అవమానమే. కొత్త ఉద్యోగులు దీన్ని ఆఫీస్ గ్రూప్‌లో సరదాకు కూడా వాడకపోవడమే మంచిది. ఇక 🍆, 🍑, 💦 సంగతి.. వంకాయ, పీచ్ పండు, నీటి చుక్కలు అనుకుని కూరగాయల ఫొటోకో, వంటల పోస్టుకో వీటిని వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వీటికి లైంగిక అర్థాలు స్థిరపడిపోయాయి. ఆఫీస్ గ్రూప్‌లో మహిళా ఉద్యోగి మెసేజ్ కింద ఇవి పడితే ‘తెలియక పెట్టా’ అన్నా నమ్మడం కష్టం.

ఓ క్లాస్ గ్రూప్‌ను చదివి చూద్దాం

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదో తరగతి గ్రూప్. ఓ అబ్బాయి ‘రేపు సైన్స్ ప్రాజెక్ట్ నేనే ప్రెజెంట్ చేస్తా’ అని పెట్టాడు. రెండు నిమిషాల్లో కింద ఇవి పడ్డాయి.. 👏👏👏, 🔥, ‘నీకో దండం 🙏’, 💀💀, 🌸, చివర్లో 🤡. ఆ అబ్బాయి ‘ఏంట్రా’ అని అడిగాడు. జవాబుగా ఒకరు 🙂 పెట్టారు. అంతే, చాట్ ఆగిపోయింది.

నాన్న చూస్తే ఇందులో ఒక్క తిట్టు కూడా లేదు. కానీ కింద నుంచి పైకి చదవండి. చివర్లో జోకర్ ఉంది. అది పొగడ్త అయ్యే అవకాశమే లేదు. ఆ వెలుగులో చూస్తే పైనున్న పువ్వు మారిపోతుంది, దండం మారిపోతుంది, చప్పట్లు కూడా వెటకారం చప్పట్లే అవుతాయి. అర్థం స్పష్టంగా ఉన్న ఒక్క బొమ్మ పక్కనున్న అన్నింటి అర్థాన్నీ బయటపెడుతుంది. అనుమానం వచ్చినప్పుడు ముందు వెతకాల్సింది అదే.

అయినా అప్పుడే వేధింపు అని తేల్చేయొద్దు. స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మామూలే. తేడా తెలియాలంటే మూడు విషయాలు చూడాలి. మొదటిది.. ఆ అబ్బాయి తిరిగి అదే స్టైల్లో జవాబిచ్చాడా? ‘పోరా 🤡’ అని వాడూ అంటే అది ఆట. ‘ఏంట్రా’ అని అడిగి ఆగిపోతే వాడికి నొప్పి తగిలిందన్నట్టు. రెండోది.. ఇంకొకరు ఇలాంటి మెసేజే పెడితే వాళ్లకూ ఇవే పడుతున్నాయా? అందరికీ పడితే గ్రూప్ తీరు అంత. ఒక్కడికే పడితే గురి వాడి మీదే. మూడోది.. ఇది ఇవాళ ఒక్కరోజేనా, వారం పైకి స్క్రోల్ చేస్తే ప్రతిసారీ ఉందా? ఆట పట్టించడం చేతులు మారుతుంది. వేధింపు మాత్రం ఒకరి దగ్గరే ఆగిపోతుంది.

2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బ్రిటన్ సిరీస్ ‘అడాలసెన్స్’ చూసినవాళ్లకు ఇది వెంటనే వెలుగుతుంది. ఓ బాలిక హత్య కేసులో ఆ అమ్మాయి నిందితుడి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఎమోజీలను చూసి, స్నేహంగానే ఉందని డిటెక్టివ్ అనుకుంటాడు. అదే స్కూల్లో చదివే అతని కొడుకే అవి వెక్కిరింతలని విడమర్చి చెప్తాడు. పోలీసుకు దొరకని అర్థం పిల్లాడికి దొరికింది. ఇంట్లోనూ అంతే. మీకు అర్థం కానిది మీ పిల్లలనే అడగండి. ‘ఫోన్ ఇలా ఇవ్వు’ అంటే ఏదీ చెప్పరు. ‘ఈ పువ్వు ఏంటి నాన్నా, నాకు అర్థం కాలేదు’ అంటే చాలావరకు చెప్తారు. 

ఒకరి మీదే జరుగుతోందని తేలితే ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. రియాక్షన్ మీద నొక్కితే ఎవరెవరు ఏం పెట్టారో పేర్లతో కనిపిస్తుంది. ఆ లిస్ట్ కూడా స్క్రీన్‌షాట్‌లో పడాలి. ఎందుకంటే రియాక్షన్ పెట్టినవాళ్లు దాన్ని తర్వాత తీసేయొచ్చు. మెసేజ్‌ను కూడా పంపిన రెండున్నర రోజుల వరకూ అందరికీ కనపడకుండా డిలీట్ చేయొచ్చు. మీరే గ్రూప్‌లోకి వెళ్లి మిగతా పిల్లల్ని తిట్టొద్దు. రేపు వాటి స్క్రీన్‌షాట్లే మీ బిడ్డను ఏడిపించడానికి పనికొస్తాయి. క్లాస్ టీచర్‌కు చూపించండి. పిల్లాడు గ్రూప్‌లోంచి బయటికి రావాలనుకుంటే వాట్సాప్‌లో ఎగ్జిట్ అయినప్పుడు అడ్మిన్లకు మాత్రమే నోటిఫికేషన్ వెళ్తుంది. బెదిరింపులు, అసభ్య బొమ్మల దాకా వెళ్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. cybercrime.gov.in లో ఫిర్యాదు చేయొచ్చు.

ఆఫీస్ గ్రూప్‌లో కొత్తవాళ్లు ఏం చేయాలి?

మొదటి రెండు వారాలు గ్రూప్‌ను చదవండి. టీమ్ లీడ్ 👍 పెడతారా, మాటల్లో రాస్తారా? ఎవరైనా పొరపాటు చేస్తే అక్కడ నవ్వుతారా, విడిగా చెప్తారా? వాళ్లు వాడే బొమ్మలే మీరూ వాడితే తప్పు తక్కువ. ముఖ్యంగా ఎవరి పొరపాటైనా గ్రూప్‌లో బయటపడ్డప్పుడు 😂 పెట్టొద్దు. ఇదీ కోర్టుకెక్కిన విషయమే. తమిళనాడులో ఓ ప్రభుత్వ రంగ టెలికాం సంస్థ ఉద్యోగుల గ్రూప్‌లో ఓ మహిళా అధికారి, కస్టమర్ ఫిర్యాదుకు సంబంధించిన వీడియో పెట్టారు. దానికి తోటి ఉద్యోగులు 😂 పెట్టారు. తనను అవమానించారని ఆమె పోలీసులకు ఫిర్యాదు చేయడంతో కేసు నమోదైంది. 2018లో మద్రాస్ హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. ఎమోజీ అన్నది ఒక విషయం మీద తమ భావన చెప్పడమేనని, ఎగతాళి ఉద్దేశం ఉన్నా ఇక్కడ అది నేరం కిందికి రాదని తేల్చింది. నేరం కాకపోవడం వేరు, ఆ తర్వాత అదే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చోవడం వేరు.

మీ మెసేజ్‌కే ఎవరైనా అనుమానాస్పదమైన బొమ్మ పెడితే గ్రూప్‌లో నిలదీయొద్దు. పెట్టినవాళ్ల వయసు, వాళ్లు మిగతావాళ్లకు ఏం పెడతారో ఒకసారి చూడండి. 55 ఏళ్ల సీనియర్ సార్ అందరికీ 🙂 పెడుతుంటే అది ఆయన నవ్వే. రోజూ ❤️ పెట్టే కొలీగ్ మీకొక్కరికే 🙂 పెట్టాడంటే అప్పుడు ఆలోచించాలి. విడిగా మెసేజ్ చేసి ‘అన్నా, ఆ పాయింట్‌లో ఏమైనా తప్పు రాశానా?’ అని అడగండి. బొమ్మ గురించి అడగొద్దు, పని గురించి అడగండి. వెటకారమైతే అవతలివాళ్లు అక్కడే తగ్గుతారు. కాకపోతే మీ తప్పేంటో తెలుస్తుంది.